రూములో చెప్పే చిట్కాలు, కౌంటర్ దగ్గర తేలే లెక్కలు

కస్టమ్స్ కేసుల్లో అప్పీళ్లు రాసే ఒక వకీలు గారి దగ్గర చాలా ఏళ్లుగా గుమాస్తాగా పనిచేస్తున్నాను. మా మెట్లెక్కి వచ్చేవాళ్లలో దొంగ వ్యాపారులు తక్కువ. దుబాయిలో తాపీ పని చేసినవాళ్లు, కువైట్‌లో ఇంటిపని చేసిన కడప, కోనసీమ ఆడవాళ్లు, చెల్లెలి పెళ్లికని బంగారం తెచ్చిన నిజామాబాద్, జగిత్యాల కుర్రాళ్లు ఎక్కువ. వాళ్లందరూ మొదట చెప్పే మాట ఒకటే ఉంటుంది. "రూములో వాళ్లు ఇట్ల చెప్పిండ్రు సార్."

ఆ రూము సలహాలనే ఇక్కడ ఒక్కొక్కటిగా తీసి చూపిస్తాను. చెప్పినవాళ్లు చెడ్డవాళ్లు కారు. తమకు ఒకసారి గడిచిపోయింది కాబట్టి అందరికీ గడుస్తుందని నమ్మి చెబుతారు. వాళ్ల సలహాలన్నిటి కింద ఒకే పొరపాటు ఉంది. పరిమితి అంటే "ఇంతకు మించి తేకూడదు" అనుకుంటారు. చట్టంలో పరిమితి అంటే చాలామటుకు "ఇంతకు మించితే చెప్పాలి, సుంకం కట్టాలి" అని. తేకూడదు అనుకున్నవాడు దాస్తాడు. చెప్పాలి అని తెలిసినవాడు చూపిస్తాడు. ఒకే బంగారానికి ఆ ఇద్దరికీ జరిగేది పూర్తిగా వేరు.

"మగోళ్లకు రెండు తులాలు, ఆడోళ్లకు నాలుగు తులాలు ఫ్రీ. ఎవ్వరడగరు."

ఈ మాటలో సగం నిజం ఉంది. అందుకే దీంతోనే ఎక్కువమంది దెబ్బతింటారు. పరాయి దేశంలో ఏడాదికి పైగా ఉండి తిరిగొస్తే మగవాళ్లకు 20 గ్రాములు, ఆడవాళ్లకు 40 గ్రాముల నగలు సుంకం లేకుండా వదులుతారన్న మాట వాస్తవమే. కానీ అది నగలకే. బిస్కెట్‌కు, బిళ్లకు, నాణేనికి ఒక్క గ్రాము కూడా ఉచితం లేదు. సెంట్లు, బట్టలకు ఇచ్చే మామూలు ఉచిత పరిమితిని బంగారం బిస్కెట్‌కు వాడుకోనివ్వరు. ఇక ఏడాది నిండకపోతే నగలకు కూడా ఈ ఉచితం వర్తించదు. పది రోజుల టూరుకు వెళ్లి గోల్డ్ సూక్‌లో గొలుసు కొన్నవాళ్లు, విజిట్ వీసా మీద కొడుకు దగ్గర మూడు నెలలు ఉండొచ్చిన అమ్మానాన్నలు ఈ లెక్కలోకి రారు.

2016 నిబంధనల్లో ఇంకో మెలిక ఉండేది. బరువుతో పాటు విలువకూ గీత గీశారు. మగవాళ్లకు 50,000 రూపాయలు, ఆడవాళ్లకు లక్ష. ఆ గీతను బంగారం ధర ఎప్పుడో దాటేసింది. గ్రాము ఎనిమిది వేలు ఉన్న రోజుల్లో 50,000కు ఆరు గ్రాముల పైచిలుకే వస్తుంది. అంటే 20 గ్రాములు ఫ్రీ అని ధీమాగా వచ్చినవాడు దాదాపు పద్నాలుగు గ్రాములకు సుంకం బాకీ పడ్డాడు. ఆ సంగతి కౌంటర్ దగ్గరే తెలిసి బిత్తరపోయినవాళ్లను ఎందరినో చూశాను. 2026 ఫిబ్రవరిలో వచ్చిన కొత్త బ్యాగేజీ నిబంధనలు ఆ విలువ గీతను తీసేసి బరువు లెక్క ఒక్కటే ఉంచాయి. ఇది ఎప్పుడో జరగాల్సిన మంచి పని. ఏడాది గడువు, నగలకే అన్న షరతు మాత్రం అలాగే ఉన్నాయి.

తులం మాటలోనూ జాగ్రత్త కావాలి. మన దుకాణాల్లో తులం అంటే పది గ్రాములు. ఆంధ్రాలో కాసు అంటే ఎనిమిది. దుబాయి దుకాణంలో పది తులాల బార్ అడిగితే పాత తోలా లెక్కన 116.64 గ్రాముల బార్ చేతిలో పెడతారు. ఇంటికి ఫోన్ చేసి "పది తులాలు కొన్నా" అని చెప్పిన మనిషి మనసులో వంద గ్రాములే ఉంటాయి. కస్టమ్స్ తక్కెడకు మన తులంతో పని లేదు, అది గ్రాముల్లోనే చూపిస్తుంది. కాగితంలో గ్రాములే రాయండి. బిల్లు మీద ఉన్న అంకెనే రాయండి.

"గ్రీన్ల నుంచి సీదా పో బావా. ఆపితే అప్పుడు చెప్పొచ్చు."

ఈ ఒక్క సలహా వల్ల పోయినంత బంగారం ఇంక దేని వల్లా పోలేదని నా అనుభవం. సామాను బెల్టు దాటాక రెండు దారులుంటాయి. ఎర్ర దారిలో వెళితే నా దగ్గర చెప్పవలసిన వస్తువు ఉందని అర్థం. ఆకుపచ్చ దారిలో అడుగుపెట్టడమే నా దగ్గర ఏమీ లేదని చెప్పినట్టు. నోరు తెరవకపోయినా, సంతకం పెట్టకపోయినా చెప్పినట్టే లెక్క. ఆ గీత దాటాక ఆపినప్పుడు "ఇదిగో బంగారం, బిల్లు కూడా ఉంది, సుంకం కడతాను" అంటే అది చూపించడం కిందికి రాదు, పట్టుబడడం కిందికి వస్తుంది. బిల్లు ఉంటే కొన్నట్టు రుజువు అవుతుందే గానీ చెప్పినట్టు రుజువు కాదు.

2025లో మా దగ్గరికి వచ్చిన ఒక జగిత్యాల జిల్లా కుర్రాడి లెక్క చెబుతాను. దుబాయిలో నాలుగేళ్లు పనిచేశాడు. చెల్లెలి పెళ్లికి ఒక పది తోలాల బార్ కొన్నాడు. దాచే ఉద్దేశం ఉన్న మనిషి చేసే పని ఒక్కటీ చేయలేదు. బార్‌ను నడుముకు కట్టుకునే పౌచ్‌లో పెట్టాడు. బిల్లును మడిచి దానికే చుట్టాడు. రూములో బావ వరస మనిషి చెప్పినట్టు గ్రీన్‌లో నడిచాడు. బయటి గుమ్మం దగ్గర చేతిసంచులు మళ్లీ ఎక్స్‌రేలో పెట్టమన్నారు. తెరమీద నల్లటి దిమ్మ ఒకటి కనబడింది.

అతనికి చట్టం ఏం ఇచ్చేదో ముందు చూడండి. భారతీయ పాస్‌పోర్టు ఉండి, ఆరు నెలలకు తక్కువ కాకుండా బయట ఉండి వచ్చిన మనిషి కిలో బంగారం దాకా రాయితీ సుంకంతో తెచ్చుకోవచ్చు. మధ్యలో సెలవుకు వచ్చిన రోజులన్నీ కలిపి 30 దాటకపోతే, ఆ రాకల్లో ఈ రాయితీ వాడుకోకపోతే, వాటిని లెక్కలోకి తీసుకోరు. 2024 జులై బడ్జెట్లో బంగారం సుంకాన్ని 15 నుంచి 6 శాతానికి దించారు. అతను వచ్చిన రోజు ఈ రాయితీ రేటు అదే. గ్రాము తొమ్మిది వేల లెక్కన బార్ విలువ పదిన్నర లక్షలు. ఆరు శాతం అంటే 63,000. ఎర్ర దారిలో వెళ్లి, పాస్‌పోర్టు ముద్రలు చూపించి, 63,000కు సరిపడా దిర్హాములు కట్టి, రసీదు జేబులో పెట్టుకుని బయటికొచ్చేవాడు. ఈ సుంకం విదేశీ కరెన్సీలోనే కట్టాలి. కాబట్టి దిగే ముందు చివరి దిర్హాము దాకా చాక్లెట్లకు ఖర్చుపెట్టకండి.

జరిగింది వేరు. బార్‌ను జప్తు చేశారు. దాచి తెచ్చినవాడని రాయితీ ఇవ్వలేదు. రాయితీ లేనివాళ్లకు బ్యాగేజీ రేటు పడుతుంది. అది 35 శాతం, దాని మీద సర్‌ఛార్జి కలిపి 38.5. ఆ ఒక్క సుంకమే 4 లక్షల 4 వేలు. బంగారాన్ని విడిపించుకోవడానికి లక్ష, పెనాల్టీ మరో లక్ష. అంతా కలిపి ఆరు లక్షల పైన. ఈ మొత్తం తేలడానికి పద్నాలుగు నెలలు పట్టింది. ఈలోగా చెల్లెలి పెళ్లి అప్పు తెచ్చిన బంగారంతో అయిపోయింది.

పైగా ఆ విడిపించుకునే అవకాశం కూడా హక్కుగా రాదు. నిషిద్ధ వస్తువు కాకపోతే జరిమానా కట్టించుకుని వస్తువును తిరిగి ఇవ్వాల్సిందే. నిషిద్ధమైతే ఇవ్వడం మానడం అధికారి ఇష్టం. బంగారం నిషిద్ధం ఎందుకవుతుందని అందరూ అడుగుతారు. షరతులతో అనుమతించిన వస్తువును ఆ షరతులు తప్పి తెస్తే దాన్ని నిషిద్ధమైనదిగానే చూడవచ్చని 2003లో ఓంప్రకాశ్ భాటియా కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. బంగారం కేసుల్లో అధికారులు ముందుగా ఎత్తి చూపేది ఆ తీర్పునే. అందుకే కొన్ని ఉత్తర్వుల్లో విడుదల ఊసే ఉండదు, బంగారం మొత్తం సర్కారుదే అని రాసేస్తారు.

"బిల్లు తక్కువ రాయించుకో" అనే సలహా కూడా ఈ దారిలోనే వినబడుతుంది. రాయితీ మీద తెచ్చే బంగారానికి బిల్లు ధర చూడరు. ప్రభుత్వం నెలకు రెండుసార్లు పది గ్రాములకు ఇంత డాలర్లని ఒక టారిఫ్ విలువ ప్రకటిస్తుంది. సుంకం దాని మీదే. తక్కువ రాయించిన బిల్లు మీకు ఒక్క రూపాయి మిగల్చదు. పైగా దొంగ కాగితం చూపించారన్న ఇంకో నేరాన్ని నెత్తిన పెడుతుంది.

"సుంకం పైసలు లేకుంటే చెప్పకు. చెప్పినవా, గుంజుకుంటరు."

ఇది విన్న ప్రతిసారీ నాకు బాధ కలుగుతుంది. దీనికి చట్టంలోనే మందు ఉంది, దాని సంగతి దాదాపు ఎవరికీ తెలియదు. కస్టమ్స్ చట్టం 80వ సెక్షన్ దీని కోసమే ఉంది. మీరు తెచ్చిన వస్తువుకు సుంకం పడుతుంది, లేదా దాన్ని తేవడానికే వీల్లేదు అనుకుందాం. దాన్ని నిజాయితీగా చెప్పి ఉంటే, మీరు కోరితే, అధికారి దాన్ని తన దగ్గర భద్రపరచి రసీదు ఇవ్వవచ్చు. మీరు మళ్లీ దేశం దాటి వెళ్లేటప్పుడు ఆ రసీదు చూపించి తీసుకెళ్లవచ్చు. సుంకం లేదు, జప్తు లేదు.

సెలవుకు వచ్చి తిరిగి వెళ్లేవాళ్లకు ఇంతకంటే పనికొచ్చే సంగతి ఇంకొకటి లేదు. విజిట్ వీసా మీద మూడు నెలలుండి వచ్చిన అమ్మకు కొడుకు ఐదు తులాల హారం కొనిచ్చాడు, రాయితీకి ఆమెకు అర్హత లేదు, 38.5 శాతం కట్టే స్తోమత లేదు. ఆమె ఎర్ర దారిలో వెళ్లి హారం చూపించి, "దీన్ని ఇక్కడే ఉంచండి, మళ్లీ వెళ్లేటప్పుడు తీసుకుపోతాను" అని రాసివ్వవచ్చు. అదే హారాన్ని చీర మడతల్లో పెట్టి గ్రీన్‌లో నడిస్తే ఈ తలుపు మూసుకుపోతుంది. 80వ సెక్షన్ వర్తించాలంటే ముందు నిజమైన డిక్లరేషన్ ఉండాలి. మాటతో ఆపకుండా ఒక తెల్లకాగితం మీద రాసి, సంతకం పెట్టి, దాని నకలు మీ దగ్గర ఉంచుకోండి. రసీదులో వస్తువు పేరు, బరువు, గుర్తులు సరిగ్గా పడ్డాయో చూసుకుని కదలండి. డిక్లరేషన్‌ను విమానం దిగకముందే ఫోన్లో ఇవ్వడానికి కస్టమ్స్ వాళ్ల 'అతిథి' యాప్ ఉంది. నింపిన వేళ అందులో నిలిచిపోతుంది. ఆ వేళే రేపు మీకు సాక్ష్యం.

"ఒంటిమీద ఏసుకుంటే ఎవురూ అడగరులే పిన్నీ."

కువైట్ నుంచి వచ్చే ఆడవాళ్లకు తోటివాళ్లు చెప్పే మాట ఇది. అధికారుల లెక్కలో ఒంటి మీద ఉన్నా సంచిలో ఉన్నా బ్యాగేజీ బ్యాగేజీయే. అయితే ఇక్కడ న్యాయం పూర్తిగా అధికారి వైపే లేదు. ప్రయాణికులు తమ వాడకానికి తెచ్చుకున్న సొంత నగలను దొంగ సరుకులా చూడకూడదని 2017లో సుప్రీంకోర్టు ఒక ప్రయాణికురాలి పక్షాన తీర్పు చెప్పింది. ఢిల్లీ హైకోర్టు ఆ దారిలోనే వాడుకునే నగలు వేరు, సరుకుగా తెచ్చే నగలు వేరు అంటూ వస్తోంది. కాబట్టి రోజూ వేసుకునే పుస్తెలతాడు, అరిగిన గాజులు లాక్కుంటే పోరాడే దారి ఉంది. గుమ్మం దగ్గర మాత్రం ఆ తీర్పులు మీ చేతిలో ఉండవు. గాజు అరిగిందా, మెరుస్తోందా అన్నది అక్కడి మనిషి కన్ను తేలుస్తుంది.

ఈ గొడవంతా రాకుండా చేసే కాగితం ఒకటుంది. అది వచ్చేటప్పుడు దొరకదు, వెళ్లేటప్పుడే తీసుకోవాలి. ఇక్కడి నుంచి నగలు పెట్టుకుని వెళుతున్నవాళ్లు విమానం ఎక్కే ముందు కస్టమ్స్ కౌంటర్‌లో ఎగుమతి సర్టిఫికెట్ అడగాలి. ప్రభుత్వం గుర్తించిన వాల్యుయర్ దగ్గర నగల బరువు, స్వచ్ఛత రాయించి, ఫొటోలు జతచేసి తీసుకెళితే పని తేలిక. ఆ కాగితం ఉంటే తర్వాత అవే గాజులతో దిగినప్పుడు అవి ఇక్కడివేనని చూపించడం తేలిక. అది లేక, అత్తగారు పెట్టిన గాజులను కువైట్‌లో కొన్నవి కావని రుజువు చేయడానికి పెళ్లి ఫొటో ఆల్బమ్ మోసుకొచ్చిన కడప అమ్మను నేను చూశాను. ఫొటోలో గాజు మీది నెమలి చెక్కడం కనబడుతోందా లేదా అని భూతద్దం పెట్టి చూశాం. బంగారం విషయంలో దొంగది కాదని రుజువు చేసే భారం ఎవరి దగ్గర దొరికిందో వాళ్ల మీదే ఉంటుందని చట్టం రాసింది. అధికారి రుజువు చేయనక్కరలేదు. అందుకే ఆమె ఆల్బమ్ మోసింది.

ఒంటిమీద సోదా చేస్తామన్నప్పుడు ఆడవాళ్లను ఆడవాళ్లే చూడాలి. గెజిటెడ్ అధికారి ముందుకో, మేజిస్ట్రేటు ముందుకో తీసుకెళ్లండని అడిగే హక్కు ఎవరికైనా ఉంది. అడగడానికి భయపడకండి.

"చిన్న పొట్లమే. బయట మా అన్న ఉంటాడు, తీసుకుంటాడు."

దీని గురించి లెక్కలు చెప్పను. టికెట్ పెడతామన్నా, పాతిక వేలిస్తామన్నా, రక్తసంబంధం అడ్డం వేసినా తీసుకోకండి. పట్టుబడినప్పుడు పొట్లం ఇచ్చినవాడి పేరు మీరు చెబుతారు. వాడు మీ పేరు ఎప్పుడూ వినలేదంటాడు. రుజువు భారం మీది. మైనంలో కలిపిన బంగారాన్ని ఒంట్లో పెట్టుకుని వచ్చేవాళ్లను పంపించే ముఠాలు మన జిల్లాల పేదవాళ్లనే వెతుక్కుంటాయి. బ్యాగేజీ కేసుల్లో సరుకు విలువ 50 లక్షలు చేరితే అరెస్టు దాకా ఆలోచించమని శాఖ 2022 నుంచి తన అధికారులకు చెప్పింది. నేటి ధరకు అది పెద్ద బరువేమీ కాదు.

"పది వేల డాలర్ల లోపు ఎవరికీ చెప్పక్కర్లేదు."

నగదు విషయంలో ఇది అమెరికా నుంచి వచ్చిన మాట. ఇక్కడికి అతకదు. ఇండియాలో దిగేటప్పుడు రెండు గీతలున్నాయి. చేతిలో ఉన్న విదేశీ నోట్లు 5,000 డాలర్లు దాటినా, నోట్లు, ట్రావెలర్స్ చెక్కులు అన్నీ కలిపి 10,000 డాలర్లు దాటినా కరెన్సీ డిక్లరేషన్ ఫారం ఇవ్వాలి. దిర్హామైనా దినారైనా డాలర్లలోకి మార్చి లెక్క చూస్తారు. ఎంత తెచ్చినా నోట్ల మీద సుంకం లేదు. చెప్పడానికి ఇంత భయం ఎందుకో నాకు అర్థం కాదు. ముద్ర వేయించుకున్న ఆ ఫారం మీకే అవసరం. ఆ నోట్లను ఎన్ఆర్ఈ ఖాతాలో వేయడానికి బ్యాంకు అదే అడుగుతుంది. ఖర్చు కాని నోట్లు వెనక్కి తీసుకెళ్లేటప్పుడు అదే చూపించాలి. మన రూపాయలైతే వచ్చేటప్పుడైనా వెళ్లేటప్పుడైనా మనిషికి 25,000 మించకూడదు. ఇది మాత్రం నిజంగా హద్దు, చెప్పినా దాటడానికి లేదు.

అమెరికాలో పిల్లల దగ్గరికి వెళ్లే పెద్దవాళ్లకు చెప్పే చిట్కా ఇంకోటుంది. "నలుగురూ తలా నాలుగు వేలు పెట్టుకోండి." అక్కడి కస్టమ్స్ కలిసి ప్రయాణించే కుటుంబాన్ని ఒకే లెక్కగా చూస్తుంది. నాలుగు నాలుగుల పదహారు వేలు, పది వేలు దాటింది, చెప్పాలి. చెబితే డబ్బులు మొత్తం మీవే, ఒక్క డాలరు కోయరు. చెప్పకుండా విడదీసి పెట్టుకున్నది పట్టుబడితే ఉన్నదంతా తీసేసుకోవచ్చు. ఇంకా ముందు సంగతి, అమెరికా వెళ్లేవాళ్లకు ఇక్కడి డీలరు ఒక ప్రయాణానికి నోట్ల రూపంలో 3,000 డాలర్ల వరకే ఇవ్వాలి. మిగతాది కార్డులో వేసుకోవచ్చు. అంతకు మించి నోట్లు మీ చేతికి వచ్చాయంటే అవి ఏ గల్లీ నుంచి వచ్చాయన్న ప్రశ్న ఇక్కడి గేటు దగ్గరే మొదలవుతుంది. దుబాయి వైపు 60,000 దిర్హాములు దాటితే చెప్పాలి, అందులో నగదుతో పాటు బంగారం విలువ కూడా కలుస్తుంది. దుబాయి విమానాశ్రయంలో ఈ మాట గుర్తుపెట్టుకోవాల్సింది అటునుంచి ఇటు బంగారం తెచ్చేవాళ్లే.

"ఏ కాగితమిచ్చినా సంతకం పెట్టి బయటపడు. ఇంటికి పోవాలె గద."

ఆ జగిత్యాల కుర్రాడు రాత్రంతా నిద్రలేకుండా దిగినవాడు. బయట నాన్న జీపు మాట్లాడుకుని నిలబడి ఉన్నాడు. లోపల ఒక చిన్న బల్ల, దాని మీద అరచేయంత తక్కెడ. పరీక్షించేవాడు బార్‌ను దాని మీద పెట్టి అంకె గట్టిగా చదివాడు. ఇద్దరు సాక్షుల్ని కూర్చోబెట్టి పంచనామా రాశారు. బార్‌ను కవర్లో పెట్టి లక్క సీలు వేసి, అతుకు మీదుగా అందరి చేతా సంతకాలు చేయించారు. తర్వాత అతని వాంగ్మూలం. ఆఖర్న ముందే అచ్చువేసి ఉన్న ఒక కాగితం. "నాకు షోకాజ్ నోటీసు అక్కర్లేదు, వ్యక్తిగత విచారణ అక్కర్లేదు" అని అందులో ఇంగ్లీషులో ఉంది. అతనికి ఇంగ్లీషు రాదు. సంతకం పెట్టేశాడు.

ఈ నాలుగు కాగితాల్లో మొదటి మూడింటి మీద బరువు, వస్తువు, తేదీ సరిగ్గా ఉన్నాయో చూసుకుని సంతకం పెట్టండి, నకళ్లు అడగండి. వాంగ్మూలంలో మీరు చెప్పని మాట ఉంటే, అర్థం కాని భాషలో ఉంటే, సంతకం పక్కనే తెలుగులో "ఇది నాకు చదివి వినిపించలేదు" అని మీ చేత్తో రాయండి. నాలుగోది వేరు. జప్తు చేసిన ఆరు నెలల్లోపు కారణాలు రాసి నోటీసు ఇవ్వాలని చట్టం చెబుతోంది. పై అధికారి కారణం రాసి దాన్ని ఇంకో ఆరు నెలలు పొడిగించవచ్చు. ఆ గడువు దాటితే సరుకు తిరిగి ఇవ్వాలి. మీకున్న గట్టి రక్షణ అదే. ఆ అచ్చు కాగితం మీద సంతకంతో దాన్ని మీ చేత్తోనే వదిలేసుకుంటున్నారు. ముందే అచ్చువేసిన ఇలాంటి సంతకాలు చెల్లవని ఢిల్లీ హైకోర్టు 2025లో పదేపదే చెప్పింది. కానీ కోర్టుకు వెళ్లి చెప్పించుకోవడం కంటే ఆ రాత్రి సంతకం పెట్టకపోవడం సులువు. "నోటీసు ఇవ్వండి, జవాబు చెప్పుకుంటాను" అనండి. దానికి మిమ్మల్ని రాత్రంతా కూర్చోబెట్టే అధికారం ఎవరికీ లేదు.

సంతకం పెట్టేశాడు కాబట్టి అతనికి ఉత్తర్వు త్వరగానే వచ్చింది. బంగారం పూర్తిగా జప్తు, విడుదల లేదు. రూములో మళ్లీ ఇంకో సలహా వచ్చింది. "ఇగ మర్చిపో, సర్కారు తిన్నది కక్కదు." అతను మర్చిపోవడానికి ప్రయత్నించాడు. తల్లి ఊరుకోలేదు. ఉత్తర్వును నాలుగు మడతలు పెట్టి, పసుపుకుంకాల డబ్బాలో దాచి ఉంచింది. ఆమే కొడుకును వెంటబెట్టుకుని మా దగ్గరికి వచ్చి ఆ కాగితం విప్పి బల్ల మీద పెట్టింది. నేను ముందు చూసింది తేదీనే. ఉత్తర్వు చేతికందిన రోజు నుంచి కమిషనర్ అప్పీల్స్ దగ్గరికి వెళ్లడానికి 60 రోజులు. సరైన కారణం ఉంటే ఇంకో 30 రోజులు మన్నించవచ్చు, ఆపైన ఆయన చేతిలో కూడా లేదు. కవరు మీద పోస్టాఫీసు ముద్ర పక్కన పోస్ట్‌మ్యాన్ పెన్సిల్‌తో వేసిన తారీఖు ఉంది. వేళ్లు మడిచి లెక్కపెట్టాను. ఆ రోజు యాభై ఏడోది.

పౌచ్‌లో పెట్టిన తీరు, వెంట ఉన్న బిల్లు, పాస్‌పోర్టులో నాలుగేళ్ల ముద్రలు, పెళ్లి శుభలేఖ జతచేసి మర్నాడు సాయంత్రానికి అప్పీలు దాఖలు చేశాం. పైన చెప్పిన ఆరు లక్షల లెక్కతో విడుదల ఉత్తర్వు వచ్చింది ఆ అప్పీల్లోనే. ఆ డబ్బు సర్దడానికి అతను దుబాయిలో ఇంకో ఏడాది కాంట్రాక్టు మీద సంతకం పెట్టాడు.